చిన్న వర్క్‌షాపుకు విద్యుత్ సరఫరా: సింగిల్ ఫేజా, త్రీ ఫేజా?

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఈ కింది పనులు చేయగలుగుతారు.

- ఒక మోటారు సింగిల్ ఫేజు మీద, త్రీ ఫేజు మీద స్టార్టయ్యేటప్పుడు ఎంత కరెంటు లాగుతుందో లెక్క వేయడం
- ఆ కరెంటు వల్ల సర్వీసు కేబుల్‌లో ఎన్ని వోల్టులు పడిపోతాయో, దాని ఫలితం ఏమిటో చెప్పడం
- త్రీ ఫేజు మోటారుకు ఒక ఫేజు పోతే ఏం జరుగుతుందో, దానిని ఎలా అడ్డుకోవాలో వివరించడం
- ఒక వర్క్‌షాపుకు ఏ సరఫరా సరిపోతుందో కారణాలతో నిర్ణయించడం

1. ఉపోద్ఘాతం

ఆదివారం తరగతులకు వచ్చే విద్యార్థి ఒకరు కొన్నేళ్ల క్రితం నన్ను ఒక ప్రశ్న అడిగారు. ఆయన వృత్తి వడ్రంగం. ఊరి చివర రేకుల షెడ్డులో తలుపులు, కిటికీలు చేస్తారు. షెడ్డులో మూడు మిషన్లున్నాయి. చిత్రిక పట్టే ప్లేనర్‌కు 3 హెచ్‌పీ మోటారు, రంపం మిషన్‌కు 2 హెచ్‌పీ మోటారు, డ్రిల్లింగ్ మిషన్‌కు అర హెచ్‌పీ మోటారు. అన్నీ సింగిల్ ఫేజువే. ఏడాదిలో ప్లేనర్ మోటారు రెండుసార్లు కాలిపోయింది. రెండుసార్లూ రీవైండింగ్ చేయించారు. మూడోసారి కూడా స్టార్టు చేయగానే మూలగడం మొదలైంది.

"మోటారు నాసిరకమా, వైండింగ్ చేసినతను తక్కువ తీగ వేశాడా, లేక త్రీ ఫేజు పెట్టించుకోవాలా మాస్టారూ?" అని ఆయన అడిగారు.

ఆ ప్రశ్న వెనుక డబ్బు ఉంది. కొత్త కనెక్షన్‌కు డిపాజిట్టు, కొత్త కేబులు, కొత్త మోటార్లు, స్టార్టర్లు అన్నీ ఖర్చే. ఖర్చు పెట్టాక కూడా మోటారు మూలిగితే ఆయన మునిగిపోతారు. ఖర్చుకు భయపడి ఊరుకుంటే మోటారు మళ్లీ కాలుతుంది. కాబట్టి ఊహతో కాక లెక్కతో తేల్చాలి. ఈ పాఠంలో ఆ లెక్కనే మొదటినుంచి చివరిదాకా వేద్దాం.

మన పల్లెల్లో "త్రీ ఫేజు వచ్చిందా?" అనే మాట అందరి నోటా వినిపిస్తుంది. త్రీ ఫేజు కరెంటుకు బలమెక్కువ అని అనుకోవడం కూడా మామూలే. ఆ బలం ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు అన్నది స్పష్టంగా తెలుసుకుంటే మిగతా విషయాలు తేలిక.

2. రెండు సరఫరాలకు తేడా

సింగిల్ ఫేజు సరఫరాలో రెండు తీగలు వస్తాయి. ఒకటి ఫేజు, రెండోది న్యూట్రల్. వాటి మధ్య వోల్టేజి 230 వోల్టులు. త్రీ ఫేజు సరఫరాలో నాలుగు తీగలు వస్తాయి. మూడు ఫేజులు, ఒక న్యూట్రల్. ఏ ఫేజుకైనా న్యూట్రల్‌కూ మధ్య అదే 230 వోల్టులు. ఏ రెండు ఫేజుల మధ్యనైనా దానికి 1.732 రెట్లు, అంటే సుమారు 400 వోల్టులు. పాత లెక్క ప్రకారం 240, 415 వోల్టులు అనేవారు. మోటారు ప్లేట్ల మీద ఇప్పటికీ 415 అనే కనిపిస్తుంది. రెండూ ఒకే సరఫరాను సూచించేవే.

ఆల్టర్నేటింగ్ కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు పూర్తి చేస్తుంది. ఒక్కో ఆవృత్తంలో వోల్టేజి రెండుసార్లు సున్నా అవుతుంది. సింగిల్ ఫేజులో వోల్టేజి సున్నా అయినప్పుడు మోటారుకు అందే శక్తి కూడా ఆగిపోతుంది. ఒక్కరే ఊపుతున్న ఊయల మాదిరిగా శక్తి తోపులు తోపులుగా అందుతుంది. త్రీ ఫేజులో మూడు వోల్టేజిలు ఒకదాని వెనుక ఒకటి, ఆవృత్తంలో మూడో వంతు ఎడంతో నడుస్తాయి. ఒక ఫేజు సున్నాకు దిగినప్పుడు మిగతా రెండూ పనిచేస్తుంటాయి. మూడింటినీ కలిపితే మోటారుకు అందే మొత్తం శక్తి ఏ క్షణంలోనూ తగ్గదు.

దీనికంటే ముఖ్యమైన తేడా మరొకటి ఉంది. మూడు ఫేజులను స్టేటరులోని మూడు జతల వైండింగులకు ఇస్తే, వాటి అయస్కాంత క్షేత్రాలు కలిసి గుండ్రంగా తిరిగే ఒక క్షేత్రం ఏర్పడుతుంది. ఆ క్షేత్రం రోటరును తన వెంట లాక్కుపోతుంది. మోటారు తనంతట తానే స్టార్టవుతుంది. సింగిల్ ఫేజులో క్షేత్రం తిరగదు. ఒకే గీత మీద ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది. ఆగి ఉన్న రోటరుకు ఎటు తిరగాలో తెలియదు. అందుకే సింగిల్ ఫేజు మోటారులో స్టార్టింగ్ వైండింగ్ అని ఇంకొకటి పెట్టి, దానికి కెపాసిటర్ తగిలిస్తారు. కెపాసిటర్ ఆ వైండింగులోని కరెంటును కొంత ముందుకు జరిపి, ఒక నకిలీ రెండో ఫేజును సృష్టిస్తుంది. మోటారు వేగం అందుకోగానే లోపలి సెంట్రిఫ్యూగల్ స్విచ్ తెరుచుకుని కెపాసిటర్‌ను తప్పిస్తుంది.

అంటే సింగిల్ ఫేజు మోటారులో అరిగేవీ, చెడేవీ రెండు అదనంగా ఉన్నాయి. కెపాసిటర్ ఒకటి, స్విచ్ ఒకటి. స్టార్టింగ్ కెపాసిటర్ కొద్ది సెకన్లు పనిచేయడానికే తయారైంది. మోటారు వేగం అందుకోలేక మూలుగుతూ ఉంటే స్విచ్ తెరుచుకోదు, కెపాసిటర్ వేడెక్కి పగులుతుంది, వెనుకే స్టార్టింగ్ వైండింగ్ మాడుతుంది. మన వడ్రంగి మోటారుకు జరిగింది ఇదేనా అన్నది చూడాలి.

3. స్టార్టింగ్ కరెంటు లెక్క

మోటారు నిలకడగా నడుస్తున్నప్పుడు లాగే కరెంటు ప్లేటు మీద రాసి ఉంటుంది. ప్లేటు చెరిగిపోతే ఈ సూత్రాలతో అంచనా వేయవచ్చు.

సింగిల్ ఫేజు:

I = P / (V × η × cos φ)

త్రీ ఫేజు:

I = P / (√3 × V × η × cos φ)

ఇక్కడ P అంటే మోటారు ఇచ్చే యాంత్రిక శక్తి, వాట్లలో. ఒక హెచ్‌పీకి 746 వాట్లు. η అంటే దక్షత, cos φ అంటే పవర్ ఫ్యాక్టర్.

3 హెచ్‌పీ అంటే 2,238 వాట్లు. సింగిల్ ఫేజు మోటారుకు దక్షత 0.75, పవర్ ఫ్యాక్టర్ 0.8 అనుకుందాం. 2,238ని 230 × 0.75 × 0.8తో భాగిస్తే సుమారు 16 ఆంపియర్లు వస్తాయి. అదే పని చేసే త్రీ ఫేజు మోటారుకు దక్షత 0.82, పవర్ ఫ్యాక్టర్ 0.8 అనుకుని 400 వోల్టుల దగ్గర లెక్కిస్తే ఒక్కో తీగలో సుమారు 5 ఆంపియర్లు వస్తాయి. పని ఒకటే. భారం రెండు తీగల మీద పడే బదులు మూడు ఫేజులు పంచుకున్నాయి.

ఇది నడిచేటప్పటి సంగతి. స్టార్టు చేసిన క్షణంలో రోటరు ఆగి ఉంటుంది. అప్పుడు మోటారు మామూలు కరెంటుకు ఎన్నో రెట్లు లాగుతుంది. సింగిల్ ఫేజు మోటారుకు 5 రెట్లు, నేరుగా లైనుకు కలిపే త్రీ ఫేజు మోటారుకు 6 రెట్లు అనుకోవడం సబబైన అంచనా. అప్పుడు సింగిల్ ఫేజు మోటారు 80 ఆంపియర్లు, త్రీ ఫేజు మోటారు ఒక్కో తీగలో 30 ఆంపియర్లు లాగుతాయి. అసలు కథ ఈ రెండు అంకెల్లో ఉంది.

4. ఆ కరెంటు కేబుల్‌లో ఏం చేస్తుంది?

వడ్రంగి షెడ్డు కరెంటు స్తంభానికి 40 మీటర్ల దూరంలో ఉంది. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వేశారు. ఆ మందం రాగి తీగకు కిలోమీటరుకు 4.61 ఓములు నిరోధం. సింగిల్ ఫేజులో కరెంటు ఒక తీగలో వెళ్లి రెండో తీగలో తిరిగి వస్తుంది. కాబట్టి 40 కాదు, 80 మీటర్లు లెక్కలోకి తీసుకోవాలి. నిరోధం 0.37 ఓము.

మోటారు మామూలుగా నడిచేటప్పుడు 16 ఆంపియర్లను 0.37తో గుణిస్తే దాదాపు 6 వోల్టులు కేబుల్‌లో పోతాయి. దానితో ఇబ్బంది లేదు. స్టార్టింగులో 80 ఆంపియర్లను గుణిస్తే దాదాపు 30 వోల్టులు వస్తాయి. నిజానికి వోల్టేజి పడిపోతే మోటారు లాగే కరెంటు కూడా కొంత తగ్గుతుంది. స్తంభం దాకా వచ్చే లైనులో కూడా వోల్టులు పోతాయి. ఆ రెంటినీ దృష్టిలో ఉంచుకుంటే, ఈ లెక్కను ఉజ్జాయింపుగా తీసుకుని మీటరుతో సరిచూడటం మంచిది.

మేము అలాగే చేశాం. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత షెడ్డులోని బోర్డు దగ్గర వోల్టేజి చూపించాం. కనిష్ఠ విలువను పట్టి ఉంచే సదుపాయం ఉన్న మీటరు వాడాం. మామూలు డిజిటల్ మీటరు ఆ క్షణాన్ని పట్టుకోలేదు. అంకె కనబడేలోపే వోల్టేజి మళ్లీ లేచిపోతుంది. ఉదయం మోటారు ఆపి ఉన్నప్పుడు 222 వోల్టులు. ప్లేనర్ స్టార్టు చేసినప్పుడు 185 వోల్టులకు దిగింది. పడిపోయిన 37 వోల్టులలో సుమారు 24 సర్వీసు కేబుల్‌లోనూ, మిగతా 13 స్తంభానికి అవతల ఉన్న లైనులోనూ పోతున్నాయని లెక్క తేలింది. సాయంత్రం వీధిలో అందరూ దీపాలు, ఫ్యాన్లు వేసినప్పుడు మోటారు ఆపి ఉండగానే 205 వోల్టులు. స్టార్టింగులో 171.

ఇప్పుడు ఒక ముఖ్యమైన సూత్రం గుర్తుంచుకోండి. మోటారు తిప్పే బలం, అంటే టార్క్, వోల్టేజి వర్గానికి అనులోమంగా ఉంటుంది. వోల్టేజి కొంచెం తగ్గితే బలం చాలా తగ్గుతుంది. 185ను 230తో భాగిస్తే 0.804. దాని వర్గం 0.65. అంటే ఉదయం మోటారుకు ఉండాల్సిన స్టార్టింగ్ బలంలో 65 శాతమే ఉంది. సాయంత్రం 171 వోల్టుల దగ్గర 55 శాతం. ప్లేనర్ బ్లేళ్ల డ్రమ్ము బరువైనది. బెల్టు బిగువుగా ఉంటే ఆ బలం డ్రమ్మును వేగానికి తేలేదు. మోటారు సగం వేగంలో మూలుగుతూ ఉండిపోతుంది, సెంట్రిఫ్యూగల్ స్విచ్ తెరుచుకోదు, కెపాసిటర్, స్టార్టింగ్ వైండింగ్ మాడతాయి.

"బోర్డులో 32 ఆంపియర్ల ఎంసీబీ ఉందిగా, అది ఎందుకు పడలేదు?" అని ఆయన అడిగారు. ఎంసీబీ తీగను కాపాడటానికే ఉంది, మోటారును కాపాడటానికి కాదు. తన విలువకు రెండున్నర రెట్లు కరెంటు వెళితే, అలాంటి ఎంసీబీ ఒక సెకను నుంచి ఒక నిమిషం లోపల ఎప్పుడైనా పడవచ్చు. ఆ నిమిషం లోపే స్టార్టింగ్ వైండింగ్ పాడైపోవచ్చు. ఇంకా పెద్ద ఎంసీబీ వేయడం దీనికి మందు కాదు. అలా చేస్తే కేబుల్‌కు కూడా రక్షణ పోతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1

ఒక దుకాణంలో 1 హెచ్‌పీ సింగిల్ ఫేజు డ్రిల్లింగ్ మిషన్ ఉంది. ప్లేటు మీద 7 ఆంపియర్లు. స్టార్టింగులో 5 రెట్లు లాగుతుంది. స్తంభం నుంచి 20 మీటర్ల దూరం, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్. స్టార్టింగులో కేబుల్‌లో ఎన్ని వోల్టులు పడతాయి? ఈ దుకాణానికి త్రీ ఫేజు అవసరమా? (సమాధానం పాఠం చివర ఉంది.)

5. త్రీ ఫేజు అయితే ఏం మారుతుంది?

అదే 40 మీటర్ల దూరానికి, అదే మందం తీగతో నాలుగు తీగల కేబుల్ వేశామనుకుందాం. మూడు ఫేజులలో సమాన భారం ఉంటే న్యూట్రల్‌లో కరెంటు ఉండదు. ఒక ఫేజులో వెళ్లినది మిగతా రెండు ఫేజుల గుండా తిరిగి వస్తుంది. అందువల్ల ఒక్కో ఫేజుకు ఒక వైపు 40 మీటర్లే లెక్క. నిరోధం 0.184 ఓము. స్టార్టింగులో 30 ఆంపియర్లకు పడేది దాదాపు 5.5 వోల్టులు. 230లో ఇది రెండున్నర శాతం కూడా కాదు. కేబుల్ సంగతి ఒక్కటే చూస్తే స్టార్టింగ్ బలం 95 శాతం మిగులుతుంది. కరెంటు తక్కువ కాబట్టి స్తంభానికి అవతలి లైనులో పడే వోల్టులు కూడా బాగా తగ్గుతాయి.

త్రీ ఫేజు బలం ఇక్కడ ఉంది. మోటారు 3 హెచ్‌పీదే, పని అదే. కానీ స్టార్టయ్యే క్షణంలో తన సరఫరాను తానే కుంగదీసుకోదు. పైగా కెపాసిటర్ లేదు, సెంట్రిఫ్యూగల్ స్విచ్ లేదు. రోజుకు ఎన్నిసార్లు ఆపి స్టార్టు చేసే మిషన్ అయితే ఈ లాభం అంత ఎక్కువగా కనిపిస్తుంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. త్రీ ఫేజు కనెక్షన్ తీసుకుంటే పాత సింగిల్ ఫేజు మోటారు దానంతట అది బాగుపడదు. దానిని ఒక ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్యే కలపాలి. అక్కడ అది అదే 16 ఆంపియర్లు, స్టార్టింగులో అదే 80 ఆంపియర్లు లాగుతుంది. లాభం రావాలంటే మోటారును మార్చాలి. అందువల్ల ఖర్చు లెక్కలో మోటారు, స్టార్టరు తప్పక చేర్చండి.

మరో అపోహ బిల్లు గురించి. త్రీ ఫేజు తీసుకుంటే బిల్లు సగమవుతుందని కొందరు, రెట్టింపవుతుందని కొందరు అంటారు. మీటరు లెక్కపెట్టేది యూనిట్లను, ఫేజులను కాదు. మోటారు దక్షత వల్ల వచ్చే తేడా మాత్రమే యూనిట్లలో కనిపిస్తుంది. పై లెక్కలో సింగిల్ ఫేజు మోటారు నిండు భారం మీద 2,984 వాట్లు, త్రీ ఫేజు మోటారు 2,729 వాట్లు తీసుకుంటాయి. తేడా 255 వాట్లు. రోజుకు 5 గంటలు, నెలకు 25 రోజులు నిండు భారంతో నడిపితే సుమారు 32 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 7 రూపాయలు అనుకుంటే 220 రూపాయల చిల్లర. స్థిర చార్జీ వేరే సంగతి. అది కనెక్టెడ్ లోడును, కనెక్షన్ కేటగిరీని బట్టి ఉంటుంది కాబట్టి దరఖాస్తుకు ముందే సెక్షన్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. సింగిల్ ఫేజు మీద ఎంత లోడు వరకు ఇస్తారన్న పరిమితి కూడా అక్కడే చెబుతారు.

కాబట్టి త్రీ ఫేజును బిల్లు కోసం తీసుకోకండి. స్టార్టింగ్ కోసం, మోటారు మన్నిక కోసం తీసుకోండి.

6. త్రీ ఫేజు తెచ్చే కొత్త ప్రమాదం

త్రీ ఫేజు మోటారుకు ఒక శత్రువు ఉంది. నడుస్తున్నప్పుడు మూడు ఫేజులలో ఒకటి పోవడం. స్తంభం మీద ఫ్యూజు పోయినా, స్టార్టరులో ఒక కాంటాక్టు మాడినా, ఒక స్క్రూ వదులైనా ఇది జరుగుతుంది. దీనిని సింగిల్ ఫేజింగ్ అంటారు.

ఆగి ఉన్న మోటారు రెండు ఫేజులతో స్టార్టు కాదు, మూలుగుతుంది. నడుస్తున్న మోటారు మాత్రం ఆగదు. తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ అదే పనిని రెండు తీగలతో చేయాలంటే వాటిలో కరెంటు 1.73 రెట్లు పెరగాలి. 5 ఆంపియర్లు 8.6 అవుతాయి. వేడి కరెంటు వర్గానికి అనులోమంగా ఉంటుంది కాబట్టి ఆ వైండింగులలో వేడి మూడు రెట్లవుతుంది. కొద్ది నిమిషాలలో ఇన్సులేషన్ మాడుతుంది.

స్టార్టరులోని కాయిలు దీనిని పసిగట్టలేదా అనే సందేహం మీకు రావచ్చు. చాలా స్టార్టర్లలో కాయిలు రెండు ఫేజుల మధ్య కలిపి ఉంటుంది. ఆ రెండింటిలో ఒకటి పోతే కాయిలు వదిలేస్తుంది, మోటారు ఆగుతుంది. మూడో ఫేజు పోతే కాయిలుకు ఏమీ తెలియదు. అప్పుడు మోటారును కాపాడేది ఓవర్‌లోడు రిలే ఒక్కటే. దానిని మోటారు ప్లేటు మీది కరెంటుకు, మన ఉదాహరణలో 5 ఆంపియర్లకు, సెట్ చేసి ఉంచితే 8.6 ఆంపియర్లు వెళ్లినప్పుడు వేడెక్కి ట్రిప్పవుతుంది. రిలే మాటిమాటికీ పడుతోందని దాని డయలును చివరిదాకా తిప్పేసే అలవాటు చాలా షెడ్లలో ఉంది. ఆ క్షణం నుంచి మోటారుకు కాపలా లేనట్టే. రిలే పడుతోందంటే అది ఏదో చెబుతోంది. డయలు తిప్పే ముందు మూడు తీగలలోనూ క్లాంపు మీటరుతో కరెంటు చూడండి. మూడూ దాదాపు సమానంగా ఉండాలి. ఒకదానిలో సున్నా ఉండి మిగతా రెండింటిలో ఎక్కువ ఉంటే ఒక ఫేజు పోయినట్టు. మూడింటిలోనూ సమానంగా ఎక్కువ ఉంటే మిషన్ భారం ఎక్కువైనట్టు, లేదా వోల్టేజి తక్కువగా ఉన్నట్టు. ఒక ఫేజు పోగానే ఆపేసే ఫేజు ఫెయిల్యూర్ రిలే కూడా దొరుకుతుంది. సరఫరా సరిగా లేని చోట దానిని స్టార్టరుకు జతచేయడం మంచిది.

మోటారు కాలిపోయాక కూడా కారణం తెలుసుకోవచ్చు. రీవైండింగ్‌కు ఇచ్చినప్పుడు కవరు విప్పించి వైండింగును కళ్లారా చూడండి. స్టారు పద్ధతిలో కలిపిన మోటారులో రెండు ఫేజుల కాయిళ్లు నల్లగా మాడి, మూడో ఫేజు కాయిళ్లు చెక్కుచెదరకుండా ఉంటే అది సింగిల్ ఫేజింగ్. డెల్టా పద్ధతిలో కలిపినదైతే ఒక ఫేజు కాయిళ్లు మాత్రమే మాడుతాయి. అన్ని కాయిళ్లూ ఒకేలా నల్లబడితే అధిక భారం లేదా తక్కువ వోల్టేజి కారణం. మొదటి సందర్భంలో కొత్త తీగ చుట్టించి ఊరుకుంటే సరిపోదు. ఫేజు ఎక్కడ పోతోందో వెతకాలి. లేకపోతే అది కూడా కాలుతుంది.

ఇంకొక జాగ్రత్త. త్రీ ఫేజు మోటారు ఏ వైపు తిరగాలన్నది ఫేజుల వరుసను బట్టి ఉంటుంది. ఏ రెండు ఫేజు తీగలను అటుదిటు చేసినా మోటారు వెనక్కి తిరుగుతుంది. ప్లేనర్, రంపం వెనక్కి తిరిగితే ప్రాణాపాయం. కొత్త కనెక్షన్ ఇచ్చాక, లైనులో మరమ్మతు జరిగాక, బెల్టు తీసి మోటారు దిశను సరిచూసిన తరువాతే పని మొదలుపెట్టాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2

స్టారు పద్ధతిలో కలిపిన 3 హెచ్‌పీ త్రీ ఫేజు మోటారు కాలిపోయింది. విప్పి చూస్తే రెండు ఫేజుల కాయిళ్లు మాడాయి, ఒకటి బాగుంది. ఓవర్‌లోడు రిలే 8 నుంచి 10 ఆంపియర్ల మధ్య సెట్ చేసి ఉంది. ఏం జరిగింది? రిలే ఎందుకు కాపాడలేదు?

7. నిర్ణయం

ఇప్పుడు మన వడ్రంగి ప్రశ్నకు తిరిగి వద్దాం. ఆయన ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, సింగిల్ ఫేజులోనే ఉండి కేబుల్ మార్చడం. 10 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు కిలోమీటరుకు 1.83 ఓములు. 80 మీటర్లకు 0.15 ఓము. కేబుల్‌లో పోయే వోల్టులు సగానికన్నా తక్కువకు దిగుతాయి. కానీ స్తంభానికి అవతల పోయే వోల్టులు అలాగే ఉంటాయి. సాయంత్రం సమస్య మిగిలిపోతుంది. ప్లేనర్, రంపం రెండూ నడిస్తే కలిపి 27 ఆంపియర్లు ఒకే ఫేజు మీద పడతాయి. ఒకే మిషన్ ఉండి, స్తంభం దగ్గరగా ఉండి, సరఫరా బాగుంటే ఈ దారి చాలు. ఆయన పరిస్థితి అది కాదు.

రెండోది, త్రీ ఫేజు లైను ఆ వీధిలో లేనప్పుడు పనికొచ్చే దారి. సింగిల్ ఫేజు తీసుకుని త్రీ ఫేజు ఇచ్చే డ్రైవు ఉంటుంది. అది మోటారును నెమ్మదిగా వేగానికి తెస్తుంది కాబట్టి స్టార్టింగులో 80 ఆంపియర్ల పోటు ఉండదు. అయితే దాని నుంచి వచ్చే త్రీ ఫేజు 230 వోల్టులే. 415 వోల్టులకు స్టారులో కలిపిన చిన్న మోటారును, ఆరు కొసలూ బయటికి ఉంటే, డెల్టాకు మార్చి దీనికి కలపాలి. ప్లేటు మీద ఆ రెండు వోల్టేజిలూ రాసి ఉన్నాయో లేదో చూసి గానీ మార్చకూడదు. డ్రైవుకూ మోటారుకూ మధ్య స్విచ్ పెట్టకూడదు. ఆపడం, నడపడం డ్రైవుతోనే చేయాలి.

మూడోది త్రీ ఫేజు కనెక్షన్. ఆయన స్తంభం మీద మూడు ఫేజులూ ఉన్నాయి. మిషన్లు మూడు. రోజుకు చాలాసార్లు స్టార్టు చేస్తారు. అందువల్ల ఈ దారినే ఎంచుకున్నారు. ప్లేనర్‌కు, రంపానికి త్రీ ఫేజు మోటార్లు, ఒక్కోదానికి ఒక స్టార్టరు పెట్టించారు. రెండూ కలిసి నడిస్తే ఒక్కో తీగలో ఎనిమిదిన్నర ఆంపియర్లు దాటవు. డ్రిల్లింగ్ మిషన్ చిన్నది కాబట్టి పాత మోటారుతోనే ఒక ఫేజు మీద ఉంచారు. దీపాలు, ఫ్యాన్లు ఇంకో ఫేజు మీద వేశారు. భారం ఒకే ఫేజు మీద పడకుండా ఇలా పంచడం అవసరం. న్యూట్రల్ తీగ జాయింటును గట్టిగా బిగించమని కూడా చెప్పాను. న్యూట్రల్ తెగితే తక్కువ భారం ఉన్న ఫేజు మీద వోల్టేజి 230ని మించి పెరిగి, దీపాలూ ఫ్యాన్లూ మాడిపోతాయి.

కనెక్షన్ వచ్చాక సాయంత్రం పూట మళ్లీ మీటరు పెట్టి చూశాం. ప్లేనర్ స్టార్టయినప్పుడు షెడ్డులోని బల్బు వెలుతురు కాస్త కూడా తగ్గలేదు. "ఇన్నాళ్లూ బల్బు మినుకుమంటే మామూలే అనుకున్నాను మాస్టారూ" అన్నారాయన. ఆ మినుకు మొదటినుంచీ చెబుతూ వచ్చినది ఇదే. మీ షెడ్డులో మోటారు వేసినప్పుడల్లా దీపం బాగా మసకబారుతుంటే, మోటారును రీవైండింగ్‌కు పంపే ముందు వోల్టేజి కొలిపించండి.

8. సారాంశం

చిన్న వర్క్‌షాపుకు ఏ సరఫరా కావాలన్నది మోటారు నడిచే గంటల కంటే స్టార్టయ్యే క్షణాన్ని బట్టి నిర్ణయించాలి. ఆ క్షణంలో సింగిల్ ఫేజు మోటారు లాగే కరెంటు కేబుల్‌లోనూ లైనులోనూ వోల్టేజిని పడేస్తుంది. బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి మోటారు వేగం అందుకోలేక కాలుతుంది. త్రీ ఫేజు మోటారు అదే పనికి ఒక్కో తీగలో మూడో వంతుకు దగ్గరగా కరెంటు తీసుకుంటుంది, తనంతట తానే స్టార్టవుతుంది. అయితే అది బిల్లును పెద్దగా తగ్గించదు. ఒక ఫేజు పోతే కాలిపోయే ప్రమాదం ఉంది. ఓవర్‌లోడు రిలేను ప్లేటు కరెంటుకే సెట్ చేయాలి. ఒకటి రెండు చిన్న మోటార్లు, దగ్గరలో స్తంభం, నిలకడైన వోల్టేజి ఉన్న చోట సింగిల్ ఫేజు సరిపోతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: సమాధానాలు

1. స్టార్టింగ్ కరెంటు 35 ఆంపియర్లు. రాను పోను 40 మీటర్లకు నిరోధం 0.184 ఓము. పడే వోల్టేజి సుమారు 6.5 వోల్టులు, అంటే 3 శాతం లోపు. సరఫరా వోల్టేజి బాగున్నంత వరకు ఈ దుకాణానికి సింగిల్ ఫేజు చాలు.

2. మోటారు నడుస్తుండగా ఒక ఫేజు పోయింది. మిగతా రెండు ఫేజులలో కరెంటు 5 నుంచి సుమారు 8.6 ఆంపియర్లకు పెరిగింది. రిలే అంతకు దగ్గరలో, లేదా అంతకు మించి సెట్ చేసి ఉండటం వల్ల పడలేదు. మోటారును రీవైండింగ్ చేయించడంతో పాటు, ఫేజు పోయిన చోటును వెతికి సరిచేయాలి. రిలేను 5 ఆంపియర్లకు సెట్ చేయాలి.